సిరీస్ ఆర్‌ఎల్‌సీ డబ్బా: నాబ్ మీద క్రిటికల్ గీత ఎక్కడ పెట్టాలి (ప్రాజెక్టు డైరీ)

శనివారం: సామాను, మొదటి లెక్క

ఈ ప్రాజెక్టు ఏంటంటే, చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, దాంట్లో ఒక ఇండక్టర్, ఒక కెపాసిటర్, బయటకి ఒక నాబ్. నాబ్ తిప్పుతుంటే స్కోప్ మీద కెపాసిటర్ వోల్టేజీ ఊగుతూ ఊగుతూ ఆగడం, ఊగకుండా చకచకా దిగిపోవడం, మెల్లగా ఈడ్చుకుంటూ దిగడం, మూడూ వరసగా కనపడాలి. నాబ్ చుట్టూ గీతలు ఉండాలి, ఇక్కడిదాకా అండర్‌డ్యాంప్డ్, ఇక్కడ క్రిటికల్, ఇక్కడ్నుంచి ఓవర్‌డ్యాంప్డ్ అని. మా పిన్ని కొడుకు ఇక్కడే బెంగళూరులో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు, పీజీలో ఉంటాడు, శని ఆదివారాలు మా ఇంటికొస్తాడు, వాడి సర్క్యూట్స్ పేపర్ కోసం మొదలుపెట్టాం గానీ ఇప్పుడు వాడికంటే నాకే ఎక్కువ ఇంట్రెస్ట్ వచ్చేసింది. డబ్బా కట్టడం పెద్ద పనేం కాదు, ఆ క్రిటికల్ గీతని ఎక్కడ పెట్టాలి అన్నదే అసలు పని.

మెట్రోలో చిక్‌పేట దిగి ఎస్పీ రోడ్ వెళ్ళాం. 10 మిల్లీ హెన్రీ ఇండక్టర్ (నల్లటి డ్రమ్ము లాంటిది, మీద 103K అని ఉంటుంది), 100 నానో ఫారడ్ కెపాసిటర్లు రెండు రకాలు, ఒకటి సిరామిక్, ఇంకోటి పాలిస్టర్ ఫిల్మ్, రెండిటి మీదా 104 అనే ఉంటుంది. నాబ్ కోసం ఒక 1 కిలో ఓమ్ లీనియర్ పాట్, అంటే తిప్పితే రెసిస్టెన్స్ మారేది, కొన్ని మామూలు రెసిస్టర్లు. కౌంటర్ దగ్గర తెలుగులో అడిగినా పని జరిగిపోయింది. ఆ K అక్షరాన్ని మాత్రం వాడికి అక్కడే చూపించా, అదే 10 శాతం టాలరెన్స్, అదే J అయితే 5 శాతం. ఈ డైరీలో సగం కథ ఆ ఒక్క K వల్లే నడుస్తుంది.

ఇంటికొచ్చి ముందు కాగితం మీద లెక్క. లూప్‌లో మూడు వోల్టేజీలూ కలిపి సున్నా అని రాస్తే వచ్చే క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ ఇది:

```
s^2 + (R/L) s + 1/(L C) = 0
alpha = R/(2L)      w0 = 1/sqrt(L C)
```

alpha అనేది శక్తి ఎంత త్వరగా కరిగిపోతుందో చెప్తుంది, w0 అనేది రెసిస్టెన్స్ అసలు లేకపోతే ఎంత వేగంగా ఊగేదో చెప్తుంది. alpha చిన్నదైతే అండర్‌డ్యాంప్డ్, పెద్దదైతే ఓవర్‌డ్యాంప్డ్, రెండూ సమానమైతే క్రిటికల్. అయితే ప్రతిసారీ ఆ రెండూ లెక్కేసి పోల్చుకోవడం నాకు నచ్చదు, చేతిలో తిప్పేది R కాబట్టి దాన్నే ఒక పక్కకి తెచ్చుకుంటే చాలు: `Rc = 2*sqrt(L/C)`. ఇది క్రిటికల్ రెసిస్టెన్స్. లూప్‌లో ఉన్న R దీనికంటే తక్కువా ఎక్కువా, అంతే చూడాల్సింది. R ని Rc తో భాగిస్తే వచ్చేదే డ్యాంపింగ్ రేషియో, జీటా.

మన విలువలతో sqrt(L/C) 316 ఓమ్స్, Rc 632 ఓమ్స్, ఊగే ఫ్రీక్వెన్సీ దాదాపు 5 కిలో హెర్ట్జ్. మావాడు వెంటనే "అయితే పాట్‌ని 632 దగ్గర పెట్టి గీత గీసేద్దామా అన్నా" అన్నాడు. ఆగరా అని చెప్పి అప్పుడు టాలరెన్స్ లెక్క చేయించా. L 10 శాతం ఎక్కువ, C 10 శాతం తక్కువ అయితే Rc 699 అవుతుంది, అదే తిరగేస్తే 572. అంటే పార్టుల మీద రాసున్న విలువలు మాత్రమే తెలిస్తే, లూప్‌లో మొత్తం రెసిస్టెన్స్ 572 కంటే తక్కువుంటే కచ్చితంగా అండర్‌డ్యాంప్డ్, 699 దాటితే కచ్చితంగా ఓవర్‌డ్యాంప్డ్, మధ్యలో ఎక్కడున్నా ఏదని చెప్పలేం. పరీక్షలో L, C రెండూ కచ్చితంగా ఇస్తారు కాబట్టి మూడే జవాబులు, చేతిలో పార్టులు పెట్టుకుని చూస్తే "కొలిస్తే గానీ చెప్పలేం" అని నాలుగోది కూడా ఒకటి ఉంది. మన గీత పడాల్సింది సరిగ్గా ఆ నాలుగో దాంట్లోనే.

ఆదివారం పొద్దున: ఏది ఎక్కడ పెట్టాలి

నేచురల్ రెస్పాన్స్ అంటే బయట్నుంచి ఇచ్చేది ఆపేశాక, కెపాసిటర్‌లోనూ ఇండక్టర్‌లోనూ మిగిలున్న శక్తితో సర్క్యూట్ తనంతట తాను ఏం చేస్తుందో అది. దీనికి మావాడు బ్యాటరీ, పుష్ బటన్ ప్లాన్ చేశాడు, బటన్ నొక్కితే చార్జ్ అవుతుంది, వదిలేస్తే రెస్పాన్స్ చూడొచ్చని. కానీ బటన్ వదలగానే లూప్ తెగిపోతుంది, కరెంట్‌కి దారే ఉండదు, కెపాసిటర్ ఆ 5 వోల్ట్లతో అట్లాగే కూర్చుంటుంది. సోర్స్ సున్నా అవ్వాలి గానీ లూప్ మూసే ఉండాలి. అందుకే ఫంక్షన్ జనరేటర్‌తో 0 నుంచి 5 వోల్ట్ల స్క్వేర్ వేవ్, 100 హెర్ట్జ్. పైన ఉన్న 5 మిల్లీ సెకండ్లలో కెపాసిటర్ 5 వోల్ట్లకి చేరి నెమ్మదిస్తుంది, కింద పడ్డ క్షణాన జనరేటర్ సున్నా వోల్ట్లు అవుతుంది, కానీ దాని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ లూప్‌లోనే ఉండి లూప్‌ని మూసి ఉంచుతుంది. కింద పడే అంచు తర్వాత కనపడేదంతా అచ్చమైన నేచురల్ రెస్పాన్సే. ఒక్కటి మాత్రం చూసుకోవాలి, ఫ్రీక్వెన్సీ పెంచేస్తే పై సగంలో ఊగడం ఆగకముందే కింది సగం మొదలైపోతుంది, అప్పుడు మొదలయ్యే వోల్టేజీ 5 కాదు, ఇండక్టర్‌లో కరెంట్ కూడా సున్నా కాదు, కొలతలన్నీ పాడవుతాయి.

ఇంకొకటి గ్రౌండ్ సంగతి. జనరేటర్ గ్రౌండు, స్కోప్ ప్రోబ్ క్లిప్పు రెండూ ప్లగ్ ఎర్త్ ద్వారా ఒకటే. కాబట్టి కెపాసిటర్ వోల్టేజీ చూడాలంటే కెపాసిటర్ ఒక కాలు గ్రౌండ్‌కి ఉండాలి. వరస ఇట్లా పెట్టాం: జనరేటర్, పాట్, ఇండక్టర్, కెపాసిటర్, గ్రౌండ్. క్లిప్‌ని పాట్‌కీ ఇండక్టర్‌కీ మధ్య పెట్టారనుకోండి, అక్కడ్నుంచి గ్రౌండ్ దాకా ఉన్న పార్టులన్నీ షార్ట్ అయిపోతాయి, స్కోప్ మీద ఏదో ఒక గీత వస్తుంది గానీ అది మన సర్క్యూట్‌ది కాదు. సిరీస్‌లో ఏది ముందు ఏది వెనక అన్నది రెస్పాన్స్‌ని మార్చదు కాబట్టి వరస మన కొలతకి అనుకూలంగా పెట్టుకోవచ్చు.

ఆదివారం సాయంత్రం: దాక్కున్న రెసిస్టెన్స్

పాట్ సున్నాకి తిప్పేశాం. అంటే మనం పెట్టిన R సున్నా. పుస్తకం ప్రకారం ఎప్పటికీ ఊగుతూనే ఉండాలి. స్కోప్ మీద మాత్రం ఆరేడు ఊపులకే కనపడకుండా పోయింది. ఇది ముందే తెలిసిన విషయమే, ఎందుకంటే జనరేటర్ లోపల 50 ఓమ్స్ ఉంది, ఇండక్టర్ తీగ మల్టీమీటర్‌తో కొలిస్తే 28 ఓమ్స్ వచ్చింది. కలిపితే 78. ఈ 78 తోనే ఊగుతుంటే ఒక పీక్‌కీ తర్వాతి పీక్‌కీ ఉండాల్సిన నిష్పత్తి లెక్కేస్తే 0.46 దాకా వస్తుంది, అంటే 5 వోల్ట్ల తర్వాత పీక్ సుమారు 2.3 వోల్ట్లు ఉండాలి.

సిరామిక్ కెపాసిటర్‌తో కొలిస్తే ఆ పీక్ 2.05 వచ్చింది. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే ఆ పావు వోల్ట్ తేడాలో ఒక సమాచారం ఉంది, మల్టీమీటర్ ఎప్పటికీ చెప్పలేని సమాచారం. ప్రతి ఊపుకీ ఎంత తగ్గుతోందో చూస్తే లూప్‌లో నిజంగా ఎంత రెసిస్టెన్స్ ఉందో తెలిసిపోతుంది. రెండు పీక్‌ల నిష్పత్తికి నేచురల్ లాగ్ తీస్తే లాగరిథమిక్ డిక్రిమెంట్, దాన్నుంచి జీటా.

సిరామిక్ తీసేసి అదే చోట పాలిస్టర్ ఫిల్మ్ పెట్టాం. పీక్ 2.15 కి పెరిగింది. విలువ అదే 100 నానో ఫారడ్, మీద రాసింది అదే 104, అయినా ఊపు ఎక్కువసేపు నిలబడుతోంది. కారణం కెపాసిటర్ లోపలి నష్టం. డేటాషీట్‌లో దాన్ని ట్యాన్ డెల్టా అని ఇస్తారు, X7R రకం సిరామిక్‌కి 2.5 శాతం దాకా ఉండొచ్చని రాస్తారు. వినడానికి చిన్న సంఖ్యే. కానీ 5 కిలో హెర్ట్జ్ దగ్గర ఈ కెపాసిటర్ రియాక్టెన్స్ 316 ఓమ్స్, దాంట్లో 2.5 శాతం అంటే దాదాపు 8 ఓమ్స్ సిరీస్‌లో కూర్చున్నట్టే. జనరేటర్‌తో కలిపి మొత్తం తొంభై ఓమ్స్ కూడా లేని లూప్‌లో 8 ఓమ్స్ అంటే బాగానే కనపడుతుంది. ఫిల్మ్ కెపాసిటర్లలో ఈ నష్టం చాలా తక్కువ, పాలిప్రొపిలీన్ దొరికితే ఇంకా తక్కువ. డబ్బాలోకి పాలిస్టరే అని డిసైడ్ అయిపోయాం.

ఫిల్మ్ పెట్టాక పీక్‌లు వరసగా 5.00, 2.15, 0.92, 0.40. ప్రతిసారీ 0.43 రెట్లే. ఈ సమానత్వం తప్పకుండా చూడాలి, నా దృష్టిలో నిష్పత్తి విలువ కంటే ముందు చూడాల్సింది ఇదే. మొదటి రెండిటి మధ్య ఒక నిష్పత్తి, తర్వాతి రెండిటి మధ్య ఇంకో నిష్పత్తి వస్తే మన ఈక్వేషన్ ఆ సర్క్యూట్‌కి సరిపోవట్లేదని అర్థం. మామూలుగా దోషి ఇండక్టర్ కోర్, కరెంట్ ఎక్కువైతే కోర్ సాచురేట్ అయ్యి L తగ్గిపోతుంది, అప్పుడు మొదటి ఊపుల పీరియడ్ తర్వాతి వాటికంటే పొట్టిగా కనపడుతుంది. ఇక్కడ కరెంట్ ఎంత ఎక్కువైనా 5 వోల్ట్లని 316 తో భాగిస్తే వచ్చే 16 మిల్లీ ఆంప్స్ దాటదు, మా డ్రమ్ముకి అది లెక్కలోకి రాదు. కానీ రెసిస్టర్ సైజులో ఉండే బుల్లి ఇండక్టర్లు వాడేవాళ్ళు రేటింగ్ చూసుకోవాలి.

పీరియడ్ 204 మైక్రో సెకండ్లు. కెపాసిటర్‌ని ఎల్‌సీఆర్ మీటర్‌తో కొలిస్తే 98.5 నానో ఫారడ్. ఇంక ఈ నాలుగు సంఖ్యలు చాలు, మావాడితో పైథాన్‌లో రాయించా:

```python
from math import pi, log, sqrt
V1, V2, Td, C = 5.00, 2.15, 204e-6, 98.5e-9
d  = log(V1/V2)
z  = d / sqrt(4*pi**2 + d**2)
w0 = 2*pi / (Td*sqrt(1 - z*z))
Rc = 2/(w0*C)
print(round(z, 3), round(Rc), round(z*Rc))
```

వచ్చింది `0.133 653 87`. జీటా 0.133, క్రిటికల్ రెసిస్టెన్స్ 653 ఓమ్స్, లూప్‌లో దాక్కున్న రెసిస్టెన్స్ 87 ఓమ్స్. L లెక్కేస్తే 10.5 మిల్లీ హెన్రీ, K హద్దులో ఉంది. ఇక్కడ గమనించాల్సింది, L ని విడిగా కొలవలేదు, 28 ఓమ్స్ నమ్ముకోలేదు, జనరేటర్ 50 ఓమ్సేనా అని కూడా ఈ లెక్కకి అక్కర్లేదు. ఊగనిచ్చి చూస్తే సర్క్యూట్టే అన్నీ చెప్పేసింది. 78 కీ 87 కీ మధ్య ఉన్న 9 ఓమ్స్‌లో కొంత పాలిస్టర్ నష్టం, ఎక్కువ భాగం ఇండక్టర్ కోర్ నష్టమూ తీగలో ఏసీకి పెరిగే రెసిస్టెన్సూ అయ్యుండాలి, డీసీతో కొలిచే మల్టీమీటర్‌కి ఈ రెండూ కనపడవు.

అయితే క్రిటికల్ గీత పాట్ విలువ 653 దగ్గర కాదు, 653 లోంచి 87 తీసేస్తే వచ్చే 566 దగ్గర.

బుధవారం రాత్రి: స్కోప్‌కి కనపడని గీత

పీజీ నుంచి మావాడు ఫోన్ చేశాడు, ఆదివారం నేను పడుకున్నాక వాడు ఇంకాసేపు కూర్చుని 470 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి చూశాడంట. "అన్నా, 470 కే ఊగడం ఆగిపోయింది, స్కోప్ మీద సున్నా కిందకి దిగనే లేదు, మరి క్రిటికల్ 566 ఎట్లా అవుతుంది?" మంచి ప్రశ్న. ఆఫీస్ నుంచి వచ్చాక నేను కూడా పెట్టి చూశా, నిజంగానే కనపడట్లేదు.

470 కి 87 కలిపితే 557, దాన్ని 653 తో భాగిస్తే జీటా 0.85. ఇది అండర్‌డ్యాంప్డే, సందేహం లేదు. సున్నా కిందకి దిగే మొత్తం exp(-pi*z/sqrt(1-z*z)), అంటే 5 వోల్ట్లలో 0.6 శాతం, 29 మిల్లీ వోల్ట్లు. మామూలు స్కోప్ 8 బిట్లది, డివిజన్‌కి 1 వోల్ట్ పెడితే ఎనిమిది డివిజన్లని 256 మెట్లుగా చేస్తుంది, ఒక్కో మెట్టు 31 మిల్లీ వోల్ట్లు. సర్క్యూట్ దిగింది, స్కోప్‌కి అంత చిన్న మెట్టు లేదు. జీటా 0.9 దగ్గరైతే దిగేది 8 మిల్లీ వోల్ట్లే.

డివిజన్‌కి 50 మిల్లీ వోల్ట్లు పెట్టి జూమ్ చేస్తే కనపడదా అంటే, అప్పుడు పైనున్న 5 వోల్ట్లు తెర దాటి ఎక్కడికో పోతాయి, స్కోప్ ఇన్‌పుట్ ఆంప్లిఫయర్ ఓవర్‌లోడ్ అయ్యి మళ్ళీ మామూలుగా అవ్వడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది. మనం చూడాలనుకునే చిన్న గుంట సరిగ్గా ఆ టైమ్‌లోనే వస్తుంది, కనపడింది సర్క్యూట్‌దో ఆంప్లిఫయర్‌దో తేల్చుకోలేం.

అందుకే క్రిటికల్‌ని తెర మీద వెతక్కూడదు అని నా అభిప్రాయం. ఊగడం ఆగిపోయినట్టు కనిపించే చోటు స్కోప్ సెట్టింగ్‌ని బట్టి మారుతుంది, ఆ చోటుకి సర్క్యూట్‌తో సంబంధం తక్కువ. బాగా ఊగే చోట, అంటే కొలవడానికి బోలెడంత ఉన్న చోట Rc, దాక్కున్న రెసిస్టెన్స్ కొలుచుకుని, అక్కడ్నుంచి లెక్కతో క్రిటికల్‌కి రావాలి. దూరం నుంచి కొలిచిందే దగ్గర్నుంచి చూసినదానికంటే నమ్మకంగా ఉంటుంది ఇక్కడ.

షాపులో మామూలుగా దొరికే విలువలతో చూస్తే: 470 పెడితే జీటా 0.85, 560 పెడితే 0.99, 680 పెడితే 1.17. పేరు పెట్టాలంటే మొదటిది అండర్‌డ్యాంప్డ్, చివరిది ఓవర్‌డ్యాంప్డ్, 560 దాదాపు క్రిటికలే. మూడూ మార్చి మార్చి పెట్టి తెర మీద పక్కపక్కన చూస్తే ఆకారం ఒక్కటే, దిగే వేగంలో కాస్త తేడా. క్రిటికల్ అనేది ఒక్క బిందువు, దాని మీద నిలబెట్టిన సర్క్యూట్ ఇండక్టర్ వేడెక్కితే కూడా పక్కకి జరుగుతుంది, కానీ జరిగినా బయటకి తేడా తెలియదు. పేరు ఠక్కున మారుతుంది, ప్రవర్తన మాత్రం మెల్లగా మారుతుంది. వాడికి ఫోన్‌లోనే చెప్పా, అడిగింది పేరైతే విలువలతో తేల్చు, అడిగింది పని చేస్తుందా లేదా అయితే 0.85 కీ 1.17 కీ మధ్య కొట్లాడకు.

ఒక చిన్న హద్దు కూడా రాసుకోవాలి. ఆ 87 ఓమ్స్ 5 కిలో హెర్ట్జ్ ఊపు దగ్గర కొలిచింది, క్రిటికల్ దగ్గర ఊపే లేదు, కాబట్టి కోర్ నష్టం భాగం కొంచెం వేరేగా ఉండొచ్చు. మారేది ఆ 9 ఓమ్స్‌లో కొన్ని, 653 ముందు ఒక శాతం కూడా తేడా రాదు. కెపాసిటర్ కొలతలో ఉండే తప్పే అంతకంటే ఎక్కువ.

శనివారం: ఓవర్‌డ్యాంప్డ్‌లో ఇండక్టర్ మాయం

పాట్ చివరిదాకా తిప్పినా జీటా 1.7 దాటట్లేదు, "ఈడ్చుకుంటూ దిగడం" బాగా కనపడాలంటే ఇంకా కావాలి. అందుకని పాట్‌కి బదులు 2.2 కిలో ఓమ్స్ లూప్‌లోకి వచ్చేలా ఒక స్విచ్ పెట్టాం. మొత్తం 2287, జీటా 3.5.

ఇక్కడ క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ రూట్లు రెండూ వేరు వేరు రియల్ నంబర్లు, లెక్కేస్తే టైమ్ కాన్‌స్టంట్లు 221 మైక్రో సెకండ్లు ఒకటి, 4.7 మైక్రో సెకండ్లు ఇంకోటి. మావాడికి ఇది అంకెలుగానే ఉండిపోకూడదని ఇంకో రెండు లెక్కలు చేయమన్నా: RC ఎంత, L/R ఎంత. RC 225, L/R 4.6. వాడు కాసేపు ఆ కాగితం వైపే చూసి "అన్నా, అంటే ఇది మామూలు ఆర్‌సీ సర్క్యూట్టేనా" అన్నాడు. అవును, గట్టిగా ఓవర్‌డ్యాంప్డ్ అయితే ఇండక్టర్ పాత్ర మొదటి కొన్ని మైక్రో సెకండ్లే, కరెంట్ సున్నా నుంచి ఠక్కున లేవకుండా అది కాస్త ఆపుతుంది, ఆ తర్వాత కెపాసిటర్ R గుండా ఖాళీ అవ్వడమే. స్కోప్ టైమ్ బేస్ తగ్గించి చూస్తే మొదట్లో ఒక చిన్న గుండ్రటి భుజం కనపడుతుంది, అదే ఇండక్టర్ ఉన్నట్టు సాక్ష్యం. ఆర్‌సీ అయితే కోసినట్టు మొదలవుతుంది.

వేగం కూడా కొలిచాం. 5 వోల్ట్ల నుంచి అర వోల్ట్‌కి దిగడానికి 560 తో దాదాపు 125 మైక్రో సెకండ్లు, 2.2 కిలోతో 510 దాకా. రెసిస్టెన్స్ పెంచితే త్వరగా ఆగాలి కదా అని చాలామంది అనుకుంటారు, ఊగడం ఆగుతుంది నిజమే, కానీ కెపాసిటర్‌లోంచి చార్జ్ బయటకి పోయే దారి కూడా ఇరుకైపోతుంది.

అట్లాగే "క్రిటికలే అన్నిటికంటే వేగం" అన్న మాటకి ఒక షరతు ఉంది. సున్నా దాటకుండా దిగేవాటిలో అది వేగం. 5 శాతం లోపలికి వచ్చి అక్కడే ఉంటే చాలు అనుకుంటే, పాట్ 370 దగ్గర పెడితే, అంటే జీటా 0.7, సుమారు 93 మైక్రో సెకండ్లకే వచ్చేస్తుంది, క్రిటికల్‌కి 153 పడుతుంది. కిందకి దిగేది 4.6 శాతమే కాబట్టి 5 శాతం హద్దులోనే ఉంటుంది. నాబ్ మీద ఈ 370 దగ్గర కూడా ఒక చిన్న చుక్క పెట్టా, ప్రాజెక్టులకి నిజంగా వాడుకునే చోటు అదే అని నా ఉద్దేశం.

ఆదివారం: రెండో వరస గీతలు, లేబుల్

ఇంకో పాలిస్టర్ కెపాసిటర్‌ని ప్యారలల్‌లో కలిపే చిన్న స్విచ్ పెట్టాం. C రెట్టింపు అయితే Rc రూట్ రెండుతో భాగించినంత తగ్గి 462 అవుతుంది. పాట్ 470 దగ్గరే ఉంచి ఆ స్విచ్ వేస్తే జీటా 0.85 నుంచి 1.2 కి పోతుంది, అంటే రెసిస్టెన్స్ ముట్టుకోకుండానే అండర్ నుంచి ఓవర్‌కి దాటేశాం. సిరీస్ ఆర్‌ఎల్‌సీలో C పెంచితే డ్యాంపింగ్ పెరుగుతుంది, L పెంచితే తగ్గుతుంది, ఫార్ములా గుర్తులేకపోయినా ఈ స్విచ్ గుర్తుంటే చాలు. ప్యారలల్ ఆర్‌ఎల్‌సీలో ఇదంతా తిరగబడుతుంది, దాన్ని ఈ డబ్బాతో కలపొద్దు. రెండు కెపాసిటర్లతో క్రిటికల్ గీత 375 దగ్గర పడింది, అందుకని నాబ్ చుట్టూ రెండు వలయాలు, లోపలిది ఒక కెపాసిటర్‌కి, బయటది రెండిటికి. గీతలు పెట్టేటప్పుడు పాట్ రెండు కాళ్ళూ సర్క్యూట్‌లోంచి విప్పి మల్టీమీటర్ పెట్టి తిప్పుకుంటూ గుర్తులు వేశాం, పాట్ మీద 1 కిలో అని ఉన్నా తిప్పిన కోణానికి రెసిస్టెన్స్ అచ్చంగా సమానంగా పెరగదు.

క్రిటికల్ దగ్గర సన్న గీత బదులు 540 నుంచి 590 దాకా ఒక మందపాటి పట్టీ వేశా. అది జీటా 0.96 నుంచి 1.04 దాకా, మన కొలతలతో నిజాయితీగా చెప్పగలిగేది అంతే.

ఆఖరికి లేబుల్. "50 ఓమ్స్ జనరేటర్‌కి మాత్రమే" అని పెద్దగా రాసి అతికించాం. ఎందుకంటే దాక్కున్న 87 లో 50 డబ్బాది కాదు, జనరేటర్‌ది. కొన్ని పాత జనరేటర్ల అవుట్‌పుట్ 600 ఓమ్స్ ఉంటుంది, దానికి తగిలిస్తే డబ్బాలోని 37 కలిపి 637, నాబ్ సున్నా దగ్గరున్నా జీటా 0.97, ఎంత తిప్పినా ఊగడం కనపడదు, డబ్బా పాడైందనుకుంటారు. మావాడు కాలేజీ ల్యాబ్‌కి తీసుకెళ్తానన్నాడు, ముందు అక్కడి జనరేటర్‌కి 47 ఓమ్స్ రెసిస్టర్ లోడ్‌గా పెట్టి చూడమన్నా. వోల్టేజీ దాదాపు సగానికి పడితే గీతలు చెల్లుతాయి. పద్నాలుగో వంతుకి, చుట్టుపక్కలకి పడిపోతే అది 600 ది, అప్పుడు గీతలు నమ్మొద్దు.